ఒక్క బిట్ పక్కకు జరిగితే

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి ఒక ఆడియో బోర్డు తగిలించి, ఇంట్లోనే మంచి మ్యూజిక్ ప్లేయర్ తయారు చేసుకునే సరదా చాలామందికి ఉంది. అలాంటివాళ్ల బల్లల మీద తరచూ కనిపించేది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి పీసీఎం5102ఏ చిప్ ఉన్న బోర్డు. అగ్గిపెట్టెలో పట్టేంత ఉంటుంది. కరెంటు కోసం ఒక వైరు, గ్రౌండ్‌కి ఒకటి, పాట కోసం మూడు. వైర్లు సరిగ్గా కలిపి, కంప్యూటర్ సెట్టింగుల ఫైల్లో ఒక్క వాక్యం రాసి, మళ్లీ ఆన్ చేస్తే పాట రావాలి.

కొన్నిసార్లు వస్తుంది కానీ వినలేం. బాణీ గుర్తుపట్టగలం, గొంతు ఎవరిదో కూడా చెప్పగలం. అయితే దాని మీద గరగరమని, రేకు మీద ఇసుక పోసి రుద్దినట్టు రొద. వాల్యూమ్ తగ్గిస్తే పాట తగ్గుతుందేమో గానీ రొద తగ్గదు. పాట ఆపేస్తే మాత్రం నిశ్శబ్దం. మల్టీమీటరు పెట్టి చూస్తే ఒక్క వైరూ ఊడిపోలేదు, వోల్టేజీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చిప్ కాలిపోయిందనుకుని బోర్డు పక్కన పడేసేవాళ్లూ ఉంటారు. నిజానికి అక్కడ ఏదీ చెడిపోలేదు. ఒక చిప్ మొదటి అంకె ఎక్కడుందని చెబుతోందో, రెండో చిప్ అంతకు ఒక అడుగు ముందే చదవడం మొదలుపెట్టింది. అంతే.

ఆ అడుగు ఏమిటో తెలియాలంటే పాట కోసం వేసిన ఆ మూడు వైర్ల మీద ఏం నడుస్తోందో చూడాలి.

ఈ ఏర్పాటు పేరు ఐ స్క్వేర్డ్ ఎస్. ఒక ఐసీ నుంచి మరో ఐసీకి శబ్దాన్ని చేరవేసేది అని ఆ పేరుకు అర్థం. ఫిలిప్స్ కంపెనీ దీన్ని 1986 ఫిబ్రవరిలో ప్రకటించింది, 1996లో సవరించింది. సీడీ ప్లేయర్లు ఇళ్లలోకి వస్తున్న కాలం అది. డిస్కును చదివే చిప్, అంకెలను వడపోసే చిప్, వాటిని శబ్దంగా మార్చే చిప్ వేరువేరుగా ఉండేవి. అవన్నీ ఒకే పద్ధతిలో మాట్లాడుకోవాలన్నది ఫిలిప్స్ ఆలోచన. నియమాలన్నీ కొద్ది పేజీల్లో ఇమిడిపోయాయి. ఈ రోజు చిన్న స్పీకర్ బోర్డుల్లోనూ, గోరంత మైకుల్లోనూ నడుస్తున్నది దాదాపు అదే పద్ధతి.

సీడీ మీద పాటంటే అంకెల వరస. సెకనుకి 44,100 సార్లు శబ్ద తరంగం ఎత్తును కొలిచి రాసుకుంటారు. ఒక్కో కొలతను శాంపిల్ అంటారు. అది మైనస్ 32,768 నుంచి 32,767 దాకా ఎంతైనా ఉండొచ్చు, 16 బిట్లలో పడుతుంది. ఎడమ స్పీకర్‌కి ఒకటి, కుడి స్పీకర్‌కి ఒకటి కాబట్టి ప్రతిసారీ రెండు శాంపిళ్లు. అంటే సెకనుకి 14,11,200 బిట్లు. ఎంపీ3 ఫైళ్లతో సీడీని పోల్చేటప్పుడు చెప్పే 1,411 కిలోబిట్ల లెక్క ఇదే.

ఇన్ని బిట్లనూ ఒక్క వైరు మీద ఒకదాని వెనక ఒకటిగా పంపుతారు. అది డేటా వైరు. దాని మీద వోల్టేజీ ఎక్కువగా ఉంటే ఒకటి, తక్కువగా ఉంటే సున్నా. ఇక్కడే మొదటి చిక్కు. వరసగా మూడు ఒకట్లు పంపితే వైరు మీద వోల్టేజీ కదలకుండా నిలబడి ఉంటుంది. అవతలి చిప్‌కి అది మూడు ఒకట్లా, రెండా, నాలుగా ఎలా తెలుస్తుంది?

తెలియడానికే రెండో వైరు. దాని పేరు బిట్ క్లాక్. అది ఆగకుండా పైకీ కిందికీ కొట్టుకుంటూనే ఉంటుంది, పాటలో తాళం నడిచినట్టు. తాళం పైకి లేచిన ప్రతిసారీ అవతలి చిప్ డేటా వైరు వంక ఒక్కసారి చూసి, ఆ క్షణంలో ఉన్నదాన్ని ఒక బిట్‌గా రాసుకుంటుంది. పంపే చిప్ మామూలుగా తాళం కిందికి దిగినప్పుడు కొత్త బిట్‌ను వైరు మీద పెడుతుంది. పెట్టడానికీ చదవడానికీ మధ్య సగం తాళం వ్యవధి దొరుకుతుంది కాబట్టి వోల్టేజీ కుదురుకుని, చదివే వేళకు స్థిరంగా ఉంటుంది.

ఒక్కో శాంపిల్‌కి 16 తాళాలే ఉండాలని లేదు. చాలా చిప్‌లు ఒక్కో వైపుకి 32 తాళాలు కేటాయించి, 16 బిట్లు పంపాక మిగతా చోట్లు సున్నాలతో నింపుతాయి. అప్పుడు సీడీ వేగంలో బిట్ క్లాక్ సెకనుకి 28,22,400 సార్లు కొట్టుకుంటుంది. ఒక తాళం నిడివి సుమారు 354 నానోసెకన్లు. బిట్ కుదురుకోవడానికి దొరికేది అందులో సగం.

బిట్లు దొరికాయి. కానీ వాటిలో ఏ బిట్ దగ్గర ఒక శాంపిల్ ముగిసి మరొకటి మొదలైంది? ఏది ఎడమది, ఏది కుడిది? దానికి మూడో వైరు. ఫిలిప్స్ పత్రంలో దాని పేరు వర్డ్ సెలెక్ట్, వాడుకలో వర్డ్ క్లాక్ అంటారు, ఎడమ కుడి క్లాక్ అని కూడా అంటారు. అది సున్నాలో ఉన్నంతసేపు నడిచేది ఎడమ శాంపిల్, ఒకటిలో ఉన్నంతసేపు కుడి శాంపిల్. ఎడమ, కుడి కలిపి ఒక చుట్టు. సీడీ వేగంలో ఒక్కో వైపుకి 11.3 మైక్రోసెకన్లు, మొత్తం చుట్టుకి 22.7.

ఈ మూడో వైరు నిజంగా అవసరమా అనిపించవచ్చు. ఒకసారి మొదలు ఎక్కడో చెప్పేస్తే, ఆ తర్వాత 16 లెక్కపెట్టి ఎడమ, మరో 16 లెక్కపెట్టి కుడి అనుకోవచ్చు కదా. అనుకోవచ్చు, ఒక్క తాళం కూడా తప్పిపోనంతవరకు. పక్కనున్న ఫ్రిజ్ మోటారు ఆన్ అయినప్పుడు పుట్టిన విద్యుత్ కుదుపుకి ఒక్క తాళం లెక్క తప్పిందనుకుందాం. ఆ క్షణం నుంచి ప్రతి శాంపిల్ ఒక బిట్ పక్కకు జరిగిపోతుంది. పెట్టె ఆపి మళ్లీ ఆన్ చేసేదాకా ఆ తప్పు వదలదు. వర్డ్ క్లాక్ ఉంటే అలా జరగదు. అది మారిన ప్రతిసారీ అవతలి చిప్ తన లెక్క చెరిపేసి మళ్లీ మొదటి నుంచి పెడుతుంది. తాళం తప్పినా పాడయ్యేది ఆ ఒక్క శాంపిలే. మహా అయితే ఒక చిన్న టిక్కు శబ్దం వినబడి పోతుంది. ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికన్నా తెలివైన వైరు ఇదే. సెకనుకి 88,200 సార్లు అది లెక్కను సరిచేస్తూ ఉంటుంది.

ఇక ఆ ఒక్క అడుగు సంగతి. వర్డ్ క్లాక్ మారిన వెంటనే వచ్చే తాళం మీద కొత్త శాంపిల్ మొదలవుతుందని ఎవరైనా అనుకుంటారు. ఫిలిప్స్ అలా పెట్టలేదు. వర్డ్ క్లాక్ మారాక ఒక తాళం వదిలేసి, రెండో తాళం మీద మొదటి బిట్ రావాలని నియమం పెట్టింది. పొలాల్లో కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటూ కొలుస్తారు. లాభం కూడా ఒక కుంచమేనని తెలియనివాడు రెండు అన్నప్పుడు లెక్క మొదలుపెడితే చివరికి ఒక కుంచం తేడా వస్తుంది. ఇక్కడా అంతే. వర్డ్ క్లాక్ మారాక మొదటి తాళాన్ని ఎలా లెక్కపెట్టాలో రెండు చిప్‌లకీ ఒకేలా తెలిసి ఉండాలి.

ఆ ఒక్క తాళం ఊరికే పెట్టింది కాదు. అందుకునే చిప్ అప్పటిదాకా వచ్చిన శాంపిల్‌ను భద్రపరచి, కొత్తదానికి చోటు ఖాళీ చేసుకోవడానికి ఆ వ్యవధి పనికొస్తుంది. పంపే చిప్‌కి తాళం బయటి నుంచి వస్తున్నప్పుడు, వర్డ్ క్లాక్ మారిందని గమనించి మొదటి బిట్‌ను సిద్ధం చేసుకోవడానికి కూడా అది కావాలి. 1986 నాటి చిప్‌లకు అది పెద్ద వెసులుబాటు.

మరో నియమం కూడా ఉంది. శాంపిల్‌లో అన్నిటికన్నా విలువైన బిట్ ముందు, అన్నిటికన్నా చిన్నది చివర పంపాలి. 4,538 రూపాయల లెక్కను ఎడమ నుంచి చదువుతూ మధ్యలో ఆగిపోయినా నాలుగు వేల ఐదు వందలని తెలుస్తుంది, కుడి నుంచి చదివితే ఎనిమిది అని మాత్రమే తెలుస్తుంది. అలాగే పంపేది 24 బిట్ల చిప్ అయి, అందుకునేది 16 బిట్లదే అయినా, మొదటి 16 బిట్లు తీసుకుని మిగతావి వదిలేస్తుంది. పాట దాదాపు అంతే బాగా వస్తుంది. ఎన్ని బిట్లో ముందుగా మాట్లాడుకోనక్కర్లేదు.

ఇప్పుడు రొద పెడుతున్న బోర్డు దగ్గరికి వెళ్దాం. దానికి ముందు మైనస్ అంకెలు బిట్లలో ఎలా ఉంటాయో ఒక్క మాట. పాత స్కూటర్ మీటరును వెనక్కి తిప్పితే 00000 తర్వాత 99999 వస్తుంది. ఇక్కడా సున్నా కంటే ఒకటి తక్కువంటే పదహారూ ఒకట్లే. అందువల్ల ఎడమ చివరి బిట్ సున్నా అయితే అంకె సున్నా గానీ ప్లస్ గానీ, ఒకటైతే మైనస్. ఎడమ శాంపిల్ 20000, కుడి శాంపిల్ మైనస్ 300 అనుకుందాం. మొదటిది పెద్ద శబ్దం, రెండోది చాలా మెల్లని శబ్దం. వైరు మీద అవి ఇలా నడుస్తాయి:

```
0100 1110 0010 0000    20000
1111 1110 1101 0100     -300
```

పీసీఎం5102ఏ చిప్‌కి రెండు పద్ధతులు వచ్చు. ఒకటి ఫిలిప్స్ పద్ధతి. రెండోది లెఫ్ట్ జస్టిఫైడ్ అనేది. అందులో వర్డ్ క్లాక్ మారాక తాళం వదలడం ఉండదు, మొదటి తాళం మీదే మొదటి బిట్ వస్తుంది. పైగా అందులో వర్డ్ క్లాక్ ఒకటిలో ఉన్నప్పుడు ఎడమ, సున్నాలో ఉన్నప్పుడు కుడి. చిప్ ఏ పద్ధతిలో వినాలో ఎఫ్ఎంటీ అనే పిన్ను నిర్ణయిస్తుంది. దాన్ని గ్రౌండ్‌కి కలిపితే ఫిలిప్స్ పద్ధతి, పైకి అంటే 3.3 వోల్టులకి కలిపితే లెఫ్ట్ జస్టిఫైడ్. చాలా బోర్డుల్లో ఈ కలపడం వెనక వైపున్న చిన్న సోల్డరు చుక్కతో జరుగుతుంది. ఆ చుక్క పొరపాటున రెండో వైపు పడిందనుకుందాం. రాస్ప్‌బెర్రీ పై ఒక తాళం వదిలి పంపుతోంది, అవతలి చిప్ ఒక తాళం ముందే చదువుతోంది.

ఒక్కో వైపుకి 32 తాళాలున్న ఏర్పాటులో ఆ వదిలేసిన తాళం మీద ఉండేది నింపుడు సున్నా. చిప్ దాన్నే మొదటి బిట్‌గా తీసుకుంటుంది. శాంపిల్ మొత్తం ఒక బిట్ కుడికి జరుగుతుంది:

```
0010 0111 0001 0000    10000
0111 1111 0110 1010    32618
```

పెద్ద శబ్దమైన 20000 సగానికి పడి 10000 అయింది. అది పెద్ద ప్రమాదం కాదు, కొంచెం మెల్లగా వినబడుతుంది. మైనస్ 300 ఏమైందో చూడండి. 32618 అయింది. వినీవినబడని శబ్దం, ఈ కొలబద్దలో ఉండగల అతి పెద్ద అంకె దాకా ఎగిరింది. మైనస్ గుర్తుగా ఉండాల్సిన బిట్ చోట సున్నా వచ్చి కూర్చోవడంతో మైనస్ అంకెలన్నీ పెద్ద ప్లస్ అంకెలైపోయాయి.

శబ్ద తరంగం ఎప్పుడూ సున్నాకి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. అది సున్నా దాటి కిందికి వెళ్లిన ప్రతిసారీ అంకె శిఖరానికి ఎగురుతుంది, మళ్లీ పైకి రాగానే కిందికి పడుతుంది. ఆ ఎగరడం, పడటమే మనకు వినిపించే గరగర. తరంగం ఎంత చిన్నదైనా ఎగిరే ఎత్తు అంతే కాబట్టి కంప్యూటర్‌లో వాల్యూమ్ తగ్గించినా రొద తగ్గదు. సున్నా దాటే వేళలు మాత్రం పాటవే కాబట్టి బాణీ గుర్తుపట్టగలం. పాట ఆపితే అన్నీ సున్నాలే, సున్నాలు ఎటు జరిగినా సున్నాలే, అందుకే అప్పుడు నిశ్శబ్దం. మొదట్లో చెప్పిన లక్షణాలన్నీ ఈ ఒక్క బిట్ నుంచే పుట్టాయి. వర్డ్ క్లాక్ దీన్ని ఎందుకు సరిచేయలేదంటే, లెక్క ఎక్కడా జారలేదు. ప్రతి శాంపిల్ దగ్గరా ఒకే తప్పు కచ్చితంగా, క్రమం తప్పకుండా జరుగుతోంది.

ఇదే పొరపాటు తిరగబడితే లక్షణాలూ తిరగబడతాయి. పంపే చిప్ లెఫ్ట్ జస్టిఫైడ్ పద్ధతిలో పంపుతూ, అందుకునేది ఫిలిప్స్ పద్ధతిలో వింటోందనుకుందాం. అప్పుడు మొదటి బిట్ వదిలేయబడుతుంది, శాంపిల్ ఎడమకు జరుగుతుంది. మైనస్ 300 కాస్తా మైనస్ 600 అవుతుంది. ఫరవాలేదు, శబ్దం రెట్టింపైంది. 20000 మాత్రం మైనస్ 25536 అయిపోతుంది. అంటే మెల్లని పాట చక్కగా, కాస్త గట్టిగా వినిపిస్తుంది. డప్పు మోగినప్పుడో, గాయకుడు పై స్థాయి అందుకున్నప్పుడో శబ్దం చిరిగిపోతుంది. కొలతలో సగానికి మించి ఎత్తు ఉన్న శాంపిళ్లకే దెబ్బ తగులుతుంది కాబట్టి వాల్యూమ్ బాగా తగ్గిస్తే అంతా సర్దుకుంటుంది. ఆసిలోస్కోప్ లేనివాళ్లకు ఈ తేడా గొప్ప ఆధారం. మెల్లని చోట కూడా రొద పెడితే అంకె కుడికి జరిగింది. గట్టి చోట మాత్రమే చిరిగితే ఎడమకు జరిగింది.

బోర్డుల మీద పేర్లు కూడా తికమక పెడతాయి. ఫిలిప్స్ పత్రంలో ఎస్‌సీకే అంటే బిట్ క్లాక్. ఐఎన్ఎంపీ441 అనే చిన్న మైకు బోర్డు మీద కూడా ఎస్‌సీకే అంటే అదే. పీసీఎం5102ఏ మీద మాత్రం ఎస్‌సీకే అంటే సిస్టమ్ క్లాక్, ఇంకా వేగంగా కొట్టుకునే నాలుగో క్లాక్. ఆ చిప్ మీద బిట్ క్లాక్ పేరు బీసీకే. రాస్ప్‌బెర్రీ పై ఆ నాలుగో క్లాక్‌ను ఇవ్వదు. ఎస్‌సీకే పిన్నును గ్రౌండ్‌కి కలిపేస్తే, తనకు కావలసిన వేగాన్ని చిప్ బిట్ క్లాక్ నుంచే తయారు చేసుకుంటుంది. పేరు చూసి బిట్ క్లాక్ వైరును ఎస్‌సీకేకి తగిలిస్తే ఎంత వెతికినా పాట రాదు.

ఎడమ శాంపిల్ ముందు, కుడి శాంపిల్ వెనక వస్తున్నప్పుడు రెండు చెవులకూ శబ్దం వేరువేరు వేళల్లో చేరదా అన్న సందేహం రావడం సహజం. రెండూ రికార్డు చేసింది ఒకే క్షణంలో కాబట్టి, అందుకునే చిప్ ఎడమదాన్ని దాచిపెట్టి, కుడిది కూడా వచ్చాక రెండింటినీ కలిపి విడుదల చేస్తుంది. 1982లో వచ్చిన సోనీ సీడీపీ-101లో అలా కాదు. అంకెల్ని శబ్దంగా మార్చే చిప్ ఒక్కటే ఉండటంతో అది ఎడమ కుడులకు వంతులవారీగా పనిచేసేది. రెండు వైపులకూ మధ్య 11 మైక్రోసెకన్ల తేడా ఉండేది. ఆ వ్యవధిలో గాలిలో శబ్దం నాలుగు మిల్లీమీటర్లు కూడా నడవదు. తల అంతమాత్రం పక్కకు తిప్పినా వచ్చే తేడాయే అది.

తాళం ఎవరు వేయాలన్నది కూడా తేల్చుకోవాలి. రెండు క్లాక్‌లనూ ఒకే చిప్ నడపాలి, మిగతావి దాన్ని అనుసరించాలి. రెండు చిప్‌లూ తమ సొంత క్రిస్టల్ మీద నడిస్తే ఏమవుతుందో చిన్న లెక్క చెబుతుంది. రెండింటి వేగాలకూ పది లక్షలకు 50 వంతుల తేడా ఉందనుకుందాం, మామూలు క్రిస్టళ్లకు అది ఉండదగిన తేడాయే. సెకనుకి 44,100 శాంపిళ్లలో రెండు ఎక్కువో తక్కువో అవుతాయి. అంటే సుమారు అర సెకనుకొకసారి ఒక టిక్కు.

ఈ పద్ధతికి పరిమితులు ఉన్నాయి. బిట్ సరిగ్గా చేరిందో లేదో సరిచూసే ఏర్పాటు ఇందులో లేనే లేదు. చేరినదే శబ్దమవుతుంది. ఇది ఒకే పెట్టెలో, కొన్ని అంగుళాల దూరంలో ఉన్న చిప్‌ల కోసం పుట్టింది. వైరు పొడవు పెరిగితే బిట్ క్లాక్ అంచు నున్నగా లేవకుండా అలల్లా ఊగుతుంది, ఆ ఊగు ఒక్కోసారి రెండు తాళాల్లా కనిపిస్తుంది. వైరును చేత్తో కదిపినప్పుడు చిటపటలు మారుతున్నాయంటే అనుమానించాల్సింది దీన్నే. వైర్లు పొట్టిగా పెట్టడం, క్లాక్ వైరు పక్కనే గ్రౌండ్ వైరు నడపడం, క్లాక్ పుట్టే చోట 33 ఓమ్‌ల లాంటి చిన్న రెసిస్టర్ వేయడం పనివాళ్లు చేసే చికిత్సలు.

మన బోర్డుకి ఇవేవీ అక్కర్లేదు. సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి, ఎఫ్ఎంటీ దగ్గరున్న చుక్కను 3.3 వోల్టుల వైపు నుంచి తీసి గ్రౌండ్ వైపు వేస్తే చాలు. సెట్టింగుల ఫైల్లో ఈ వాక్యం ఎలాగూ ఉంది:

```
dtoverlay=hifiberry-dac
```

ఆ తర్వాత పాటకి వెళ్లకుండా ముందు ఈ ఆదేశం ఇచ్చి చూడటం మంచిది:

```
speaker-test -c 2 -t wav
```

ఒక మనిషి గొంతు ఇంగ్లిష్‌లో ముందు ఎడమ వైపు పేరు, తర్వాత కుడి వైపు పేరు పలుకుతుంది. సోల్డరు చుక్క తప్పు వైపు ఉన్నప్పుడు ఆ గొంతు గరగరలాడుతూ, ఎడమ అంటూ కుడి స్పీకర్ నుంచి వచ్చేది. ఇప్పుడు శుభ్రంగా, ఎడమ అన్నప్పుడు ఎడమ నుంచే వస్తుంది.